ఒకే పేరాకి రెండు అనువాదాలు: ఏది దక్కింది, ఏది పోయింది

*"ఒక ఇంగ్లీషు పేరాకి రెండు తెలుగు అనువాదాలు ఇచ్చి, ఏది ఏం సాధించింది, ఏం పోగొట్టుకుంది అని వాదిస్తూ వ్యాసం రాయమన్నారు. ఎంత చదివినా 'మొదటిది మూలానికి దగ్గరగా ఉంది, రెండోది సహజంగా ఉంది' అన్న ఒక్క ముక్క తప్ప నాకు ఏమీ తోచడం లేదు. దీన్ని పేజీలకి పేజీలు ఎలా రాస్తారు?"*

ఆ ఒక్క ముక్కనే కాస్త గిల్లి చూడండి. "మూలానికి దగ్గర" అంటున్నారు. మూలంలో దేనికి దగ్గర? మాటలకా, వాక్యాల లెక్కకా, విషయం బయటపడే వరసకా, గొంతుకా? ఇవన్నీ ఒకేసారి దగ్గరగా ఉండవు. ఒకదానికి దగ్గరగా జరిగితే ఇంకోదానికి దూరం కావలసిందే. మీ వ్యాసానికి కావలసిన సరుకంతా ఆ జరగడంలోనే ఉంది.

చెప్పడం కన్నా చేసి చూపిస్తాను. అనువాదం నేర్చుకునేవాళ్ళకి ఇవ్వడానికి నేనే ఇంగ్లీషులో రాసుకున్న చిన్న పేరా ఒకటుంది. ఏ పుస్తకంలోదీ కాదు. అందులో విషయం ఇలా నడుస్తుంది. ముందు ఆమె సొరుగు లాగుతుంది. ఆ సొరుగు ఎలాంటిదో అదే వాక్యంలో తర్వాత వస్తుంది: ఆమెకి గుర్తున్నంత కాలంగా తండ్రి అందులో బిల్లులు, రసీదులు, దారం, దేనికీ పట్టని తాళంచెవులు దాచేవాడు. ప్రతి వస్తువుకీ మధ్య ఒక 'అండ్' ఉంటుంది. తర్వాత ఒక పొట్టి వాక్యం, కర్మణి ప్రయోగంలో: దాన్ని ఖాళీ చేశారు, ఎవరు చేశారో లేదు. ఆ తర్వాత నిదానంగా సాగే ఒక పొడుగు వాక్యం: అడుగున వేసిన కాగితం కింద ఒక కవరు, తండ్రి చేతిరాతలో, 'బ్రదర్' పేరు మీద, ఒకసారి చింపి మళ్లీ అంటించినది. ఇక్కడ కూడా చింపిందెవరో, అంటించిందెవరో లేదు. ఆ వెంటనే, 'హీ' కి తెలుసన్నమాట. మొదటి నుంచీ 'హీ' కి తెలుసు, అయినా 'హీ' వాళ్ళని ప్రతి సాయంత్రం ఆ బల్ల దగ్గర ఏమీ మాట్లాడకుండా కూర్చోనిచ్చాడు. చివరగా, 'వీ' మాట్లాడుకోవలసింది, అనుకుంది ఆమె.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇద్దరు చేసిన అనువాదాలు ఇవి. మొదటిది:

> తనకు గుర్తున్నప్పటి నుంచీ తండ్రి బిల్లులను, రసీదులను, దారాన్ని, దేనికీ పట్టని తాళంచెవులను దాస్తూ వచ్చిన సొరుగును ఆమె బయటికి లాగింది. అది ఖాళీ చేయబడి ఉంది. అడుగున పరచిన కాగితం కింద తండ్రి చేతిరాతలో ఆమె సోదరుని పేరు రాసి ఉన్న, ఒకసారి చింపి మళ్లీ అంటించబడిన ఒక కవరు ఉంది. అంటే అతనికి తెలుసు. అతనికి మొదటి నుంచీ తెలుసు, అయినా అతను వారిని ప్రతి సాయంత్రం ఆ బల్ల వద్ద ఏమీ మాట్లాడకుండా కూర్చోనిచ్చాడు. మేము మాట్లాడుకుని ఉండవచ్చు, అని ఆమె అనుకుంది.

రెండోది:

> సొరుగు లాగింది. బిల్లులు, రసీదులు, పురికొస, దేనికీ పట్టని తాళంచెవులు, ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న అన్నీ అందులోనే పెట్టేవాడు. ఇప్పుడు ఖాళీగా ఉంది. అడుగున వేసిన కాగితం కింద ఒక కవరు. నాన్న చేతిరాత. పైన అన్నయ్య పేరు. ఎవరో చింపి, మళ్లీ అంటించారు. అంటే తెలుసన్నమాట. మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా రోజూ సాయంత్రం ఆ బల్ల దగ్గర అలా నోరు మెదపకుండా కూర్చోనివ్వడం! మాట్లాడుకునేవాళ్ళం కదా, అనుకుంది.

చూడగానే మీకూ అదే అనిపిస్తుంది: మొదటిది దగ్గర, రెండోది సహజం. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆ మాట చెల్లదు. ఇంగ్లీషులో ఆమె చెయ్యి ముందు సొరుగు మీద పడుతుంది, ఆ తర్వాతే జ్ఞాపకం వస్తుంది, జ్ఞాపకం నిండా వస్తువులు ఉండగా "ఖాళీ" అన్న మాట వచ్చి తగులుతుంది. తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు రావాలి కాబట్టి, మొదటి అనువాదం ఆ జ్ఞాపకమంతా ముందు చెప్పేసి సొరుగుని చివరికి నెట్టింది. పాఠకుడికి సొరుగు కనబడేసరికి బిల్లులూ రసీదులూ అయిపోయాయి. రెండో అనువాదం ఒక వాక్యాన్ని రెండు చేసింది, కానీ సొరుగు, వస్తువులు, ఖాళీ అన్న వరసని అలాగే నిలబెట్టింది. అంటే వాక్యాల లెక్కలో మొదటిది దగ్గర, వరసలో రెండోది దగ్గర. ఈ పేరాలో ఏది ఎక్కువ పని చేస్తోంది అని అడిగితే, వరసే అంటాను నేను.

అలా అనడానికి నాకు ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. అందుకే అనువాదాలు తెరవకముందే మూలాన్ని నాలుగైదు సార్లు చదివి, ఈ పేరా ఏ పని కోసం పుట్టింది అని ఒక్క వాక్యంలో రాసుకోమంటాను. ఈ పేరాకి నా వాక్యం ఇది: "ఎవరు చేశారో చెప్పకుండా చేసిన పనులన్నీ చూపించడం." సొరుగు ఖాళీ చేసిందెవరో తెలియదు. కవరు చింపిందెవరో తెలియదు. తెలిసిందెవరికో, తండ్రికో, సోదరుడికో, తెలియదు, ఎందుకంటే ఇంగ్లీషు 'హీ' ఇద్దరికీ సరిపోతుంది. చివర 'వీ' అంటే ఎవరెవరో కూడా తెలియదు. నాలుగు చోట్లా ఒకటే ఆట. ఈ వాక్యం చేతిలో లేకుండా పోలిక మొదలుపెడితే, కనబడిన ప్రతి తేడానీ ఏరుకుంటూ పోతారు, ముప్ఫై తేడాలు దొరుకుతాయి, వాటితో ఏం చెయ్యాలో తెలియదు.

ఇంకో జాగ్రత్త కూడా, పనిలో పనిగా చెప్పేస్తాను. రెండు అనువాదాలూ ఒకే మూలం నుంచి వచ్చాయా అని ముందే చూసుకోండి. చాలా ఏళ్ళ కిందట నేను ఒక సమీక్షలో, అనువాదకుడు ఒక వాక్యం ఎగరగొట్టాడని ఘాటుగా రాశాను. తర్వాత తెలిసింది, ఆయన పని చేసిన ఇంగ్లీషు ప్రతిలోనే ఆ వాక్యం లేదు. రష్యన్, ఫ్రెంచి వచనం తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే వచ్చింది కాబట్టి, మన అనువాదకుడి నెత్తిన వేసే తప్పు ఒక్కోసారి మధ్యలో ఉన్న ఇంగ్లీషు అనువాదకుడిది అవుతుంది.

సరే, ఖాళీ సొరుగు దగ్గరికి వద్దాం. మొదటి అనువాదంలో "ఖాళీ చేయబడి ఉంది". ఎవరూ ఇలా మాట్లాడరు, చదవగానే పంటి కింద రాయిలా తగులుతుంది. కానీ అది ఒక సంగతి కాపాడింది: సొరుగు ఊరికే ఖాళీగా లేదు, ఎవరో ఒకరు ఖాళీ చేశారు. రెండో అనువాదంలో "ఇప్పుడు ఖాళీగా ఉంది" చక్కటి తెలుగు. అయితే చేసిన మనిషి నీడ కూడా మిగల్లేదు. బిల్లులు ఎప్పుడో పారేసి ఉండొచ్చు, తండ్రే సర్దేసి ఉండొచ్చు అనిపిస్తుంది, అనుమానం పుట్టదు. 'బడు' ప్రయోగం అనగానే తప్పు అని కొట్టేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ కొట్టేసే ముందు అది ఏం మోస్తోందో చూడాలి. ఈ పేరాలో మొదటివాడి వికారమైన మాట మోసిన బరువుని రెండోవాడి అందమైన మాట కింద పెట్టేసింది.

ఇక్కడే నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటి చెప్పాలి. రెండు అనువాదాలూ ఏదో ఒకటి పోగొట్టుకున్న చోట, మూడో వాక్యం మీరే రాసి చూడండి. రాయగలిగితే ఆ నష్టం అనువాదకుడి ఎంపిక వల్ల వచ్చింది, రాయలేకపోతే భాష వల్ల వచ్చింది. ఇక్కడ రాయొచ్చు: "ఖాళీ చేసి ఉంది." తలుపు తీసి ఉంది, దీపం ఆర్పి ఉంది అంటాం కదా, అలాగే. చేసిన మనిషి ఒకరున్నారని తెలుస్తుంది, ఎవరో చెప్పదు, 'బడు' అక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఇద్దరి నష్టమూ తప్పించుకోగలిగినదే. వ్యాసంలో ఈ మాట రాస్తే, మీరు వంకలు పెట్టడం లేదని, తూకం వేస్తున్నారని చదివేవాళ్ళకి అర్థమవుతుంది.

వస్తువుల జాబితా గురించి కొంచెమే. ఇంగ్లీషులో వరసగా వచ్చే 'అండ్'లు ఆ సొరుగు అడ్డదిడ్డంగా నిండిపోయిన తీరుని చూపిస్తాయి. మొదటి అనువాదం ప్రతి మాటకీ 'ను', 'ని' తగిలించింది, అది బరువు పెంచింది తప్ప జాబితాని పేర్చలేదు. రెండోది కామాలు పెట్టి ఊరుకుంది. తెలుగులో దీనికి సిద్ధంగా ఉన్న పనిముట్టుని ఇద్దరూ మరిచారు: బిల్లులూ రసీదులూ పురికొసా తాళంచెవులూ. ఆ దీర్ఘమే మన 'అండ్'. ఇలా రెండూ కలిసి పోగొట్టుకున్నవి కూడా వ్యాసంలో ఒకటైనా ఉండాలి, లేకపోతే పోలిక కాస్తా కుస్తీ పోటీ అయిపోతుంది. రెండో అనువాదంలో "పురికొస", "ఊహ తెలిసినప్పటి నుంచీ" మాత్రం నిజంగా లాభమే. "గుర్తున్నప్పటి నుంచీ" అన్నది మాటకి మాట. "ఊహ తెలిసినప్పటి నుంచీ" అనగానే పాఠకుడికి చిన్నపిల్ల కనబడుతుంది.

కవరు వాక్యంలో పోలిక రసపట్టుకి వస్తుంది. ఇంగ్లీషు వాక్యం నిదానంగా, ఒక్కొక్క వివరం విప్పుకుంటూ వెళ్ళి, చివర "చింపి మళ్లీ అంటించినది" దగ్గర ఆగుతుంది. ఆమె కళ్ళు కూడా అదే వరసలో కవరు మీద కదులుతున్నాయి. మొదటి అనువాదంలో వివరాలన్నీ కవరు కన్నా ముందే వచ్చేశాయి. చింపినది, అంటించినది అని చదివేటప్పటికి, దేన్ని అన్నది పాఠకుడికి తెలియదు. తీరా "కవరు ఉంది" అని వాక్యం ముగిసేసరికి, ఆగాల్సిన చోట ఏమీ లేదు. ఈ వాక్యం ఏడ్చేది అక్కడ, 'అంటించబడిన' దగ్గర కాదు.

రెండో అనువాదం వరసని పట్టుకుంది: కవరు, చేతిరాత, పేరు, చింపి అంటించడం. పట్టుకోవడానికి ముక్కలు చేసింది. "ఒక కవరు. నాన్న చేతిరాత. పైన అన్నయ్య పేరు." ఇంగ్లీషులో ఒకే ఊపిరిలో జరిగినది ఇక్కడ నాలుగు కుదుపుల్లో జరుగుతోంది. గుండె దడదడ కొట్టుకుంటున్న మనిషి చూపు ఇది. మూలంలో ఆమె అంత టెన్షన్ పడటం లేదు, ఆ నిదానమే పాఠకుణ్ణి భయపెట్టేది. అంటే వరస దక్కింది, నడక పోయింది, రెండూ ఒక్క ఎంపిక వల్లే. మీ వ్యాసంలో వాక్యాలు ఈ ఆకారంలో రావాలి: ఫలానా పని చేశాడు కాబట్టి ఇది దక్కింది, ఆ పని చేసినందుకే అది పోయింది. "లాభాలు ఇవి, నష్టాలు ఇవి" అని రెండు గళ్ళు గీసి నింపితే, వాటి మధ్య ఉన్న ఈ ముడి కనబడదు.

ఇక "ఎవరో చింపి" అన్న చోట రెండో అనువాదం తప్పటడుగు వేసింది. ఇంగ్లీషులో మనిషే లేడు. ఇక్కడ 'ఎవరో' వచ్చి కూర్చున్నాడు. అది కూడా "ఎవరో తెలియని మనిషి" అన్న అర్థంతో. మరుసటి వాక్యంలో తండ్రో సోదరుడో అన్న అనుమానం పుట్టాల్సిన చోట, బయటివాడెవడో చేశాడేమో అనిపిస్తుంది. దీనికీ మూడో వాక్యం ఉంది: "అడుగున కాగితం కింద ఒక కవరు ఉంది, తండ్రి చేతిరాతతో, సోదరుడి పేరు మీద, ఒకసారి చింపి మళ్లీ అంటించి." క్రియ తర్వాత వివరాలు తగిలించడం మాటల్లో రోజూ చేస్తాం, రాసేటప్పుడే జంకుతాం. ఇలాంటి వాక్యం పేరాకి ఒకటైతే చెల్లుతుంది, వరసగా రెండు మూడు పెడితే ఇంగ్లీషు వాసన కొడుతుంది.

'బ్రదర్' సంగతి వేరే. ఇంగ్లీషు మాట పెద్దవాడో చిన్నవాడో చెప్పదు. వాడుక తెలుగులో అన్నా తమ్ముడూ కాక మూడో మాట లేదు. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1959లో రాసిన వ్యాసంలో ఒక మాట అన్నాడు. భాషల మధ్య తేడా అవి ఏం చెప్పగలవన్న దగ్గర కాదు, ఏం చెప్పక తప్పదన్న దగ్గరే ఉందని. తెలుగుకి వయసు చెప్పక తప్పదు. మొదటి అనువాదం "సోదరుని" అన్న పుస్తకాల మాట వాడి తప్పించుకుంది. గొంతు బిగుసుకుంది, కానీ మూలంలో లేనిది చేర్చలేదు. రెండోది "అన్నయ్య" అని తేల్చేసింది. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో ఒక వరస ఏర్పడిపోయింది: తండ్రి పెద్ద కొడుక్కి రాశాడు, చిన్నదానికి చెప్పలేదు. ఇది మూలంలో లేని కథ. కథలో ఇంకెక్కడైనా అతని వయసు తెలుస్తుందేమో అనువాదకుడు వెతికి ఉంటే ఒప్పుకుంటాను. ఒక్క పేరాయే ఇస్తే వెతకడానికి ఏమీ ఉండదు, అప్పుడు ఇది భాష వల్ల వచ్చిన నష్టం, ఎవరినీ తప్పుపట్టలేం. ఏ నష్టం ఎంచుకున్నారో మాత్రం చెప్పగలం.

ఇప్పుడు పేరాకి ఇరుసు లాంటి చోటు. "అతనికి తెలుసు" అని మొదటి అనువాదం. ఇంగ్లీషు 'హీ' కి తెలుగులో అతను, ఆయన, వాడు అని మూడు మాటలున్నాయి, మూడూ మూడు దూరాలు. కూతురి మనసులోంచి చెబుతున్న కథనంలో తండ్రిని మామూలుగా 'ఆయన' అంటాం. 'అతను' అనగానే, దగ్గరలో ఉన్న ఇంకో మగమనిషి, అంటే సోదరుడు, గుర్తొస్తాడు. ఈ అనువాదం ఒక్కటే ఇచ్చి, తెలిసిందెవరికి అని తెలిసినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. అందరూ తడుముకోకుండా సోదరుడికే అన్నారు. అసలు సందేహం ఉందనే వాళ్ళకి తెలియలేదు. అనువాదకుడిని అడిగితే, తను ఏమీ తేల్చలేదని, 'హీ' కి 'అతను' అని రాశానని అన్నాడు. నమ్ముతాను. మాటకి మాట పెట్టడం వల్లే ఈ రహస్యం బయటపడింది. మూలానికి దగ్గరగా ఉన్నానని అనుకుంటూనే, మూలం చేస్తున్న అసలు పనిని చెడగొట్టాడు.

దాని పక్కనే "వారిని" కూడా చూడండి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది. తెలుగులో ఆలోచిస్తున్న మనిషి కూడా కలిసిన గుంపుని 'తమని' అంటాం. 'వారిని' అంటే ఆమె కాక ఇంకెవరో. ఇంగ్లీషుకి ఈ తేడా చూపించే మాట లేదు, మనకి ఉంది, మొదటి అనువాదం వాడుకోలేదు. తాను, తన, తమ అన్నవి మనిషి మనసులోంచి కథ చెప్పడానికి తెలుగు అనువాదకుడికి దొరికిన వరం. నేను పోలికలు రాసేటప్పుడు ఇవి ఎక్కడ వచ్చాయి, ఎక్కడ రాలేదు అని తప్పకుండా వెతుకుతాను. అదే అనువాదం మొదటి వాక్యంలో "తనకు గుర్తున్నప్పటి నుంచీ" అని రాసి ఇక్కడికి వచ్చేసరికి "వారిని" అంటే, చూపు మధ్యలో బయటికి వచ్చేసినట్టు.

రెండో అనువాదం "తెలుసన్నమాట. మొదటి నుంచీ తెలుసు" అని కర్తని పూర్తిగా వదిలేసింది. ఇది చాలా తెలివైన పని. తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. అయితే మామూలుగా క్రియ చివర ఆ గుట్టు బయటపడుతుంది, వచ్చాడు, వచ్చారు, వచ్చింది అని. 'తెలుసు' కి ఆ తోకలు లేవు. నాకు తెలుసు, వాడికి తెలుసు, ఆయనకి తెలుసు, అన్నిటికీ ఒకటే రూపం. తర్వాతి వాక్యంలో "కూర్చోనిచ్చాడు" అనో "కూర్చోనిచ్చారు" అనో అంటే దాచినది బయటపడేది. అక్కడ ఈ అనువాదం "కూర్చోనివ్వడం!" అని క్రియని నామవాచకం చేసి తప్పించుకుంది. ఇంగ్లీషు ఒక సర్వనామంతో దాచినదాన్ని తెలుగు సర్వనామం లేకుండా దాచింది. పైపైన చూస్తే ఈ వాక్యం మూలానికి చాలా దూరం, వాక్యనిర్మాణంలో ఒక్కటీ కలవదు. పేరా చేసే పనిలో మాత్రం రెండింటిలోనూ ఇదే దగ్గర.

దీనికి చెల్లించిన ధర కూడా చెప్పాలి. ఇంగ్లీషులో 'హీ', 'హీ', 'హీ' అని మూడుసార్లు వచ్చి, ఒక వేలు ఎవరి వైపో చూపిస్తున్నట్టు ఉంటుంది, ఎవరివైపో మాత్రం తెలియదు. మొదటి అనువాదంలో "అతనికి తెలుసు. అతనికి మొదటి నుంచీ తెలుసు, అయినా అతను" అన్న చోట ఆ దెబ్బలు మూడూ వినబడతాయి. రెండోదానిలో కర్త పోవడంతో ఆ వేలూ పోయింది. పైగా "కూర్చోనివ్వడం!" అనగానే ఆ ఆశ్చర్యార్థకంతో ఆమె గొంతు లేచింది. మూలంలో ఆమె నిందించడం లేదు, జరిగినదాన్ని చల్లగా చెబుతోంది. "ఏమీ మాట్లాడకుండా" కాస్తా "నోరు మెదపకుండా" అయ్యేసరికి ఆ వేడి ఇంకాస్త పెరిగింది. ఆశ్చర్యార్థకం తీసేసి చుక్క పెడితే కొంత తగ్గుతుంది, అది ఎంపిక. వేలు మాత్రం తిరిగి రాదు, అది భాష. రహస్యం నిలవాలంటే 'అతను' ఉండకూడదు, దెబ్బ వినబడాలంటే 'అతను' కావాలి. నేనైతే రహస్యమే ఉంచుకుంటాను, ఎందుకంటే మొదట్లో రాసుకున్న వాక్యం అదే చెబుతోంది. ఆ వాక్యం మీరు వేరేగా రాసుకుంటే, "ఒక మనిషి కోపాన్ని అదుపులో పెట్టుకోవడం" అని అనుకుంటే, ఇదే చోట మొదటి అనువాదం గెలుస్తుంది. అప్పుడు అలాగే వాదించండి, తప్పులేదు.

చివరి వాక్యంలో ఇద్దరూ పడ్డారు, రెండు వైపులకి. "మేము మాట్లాడుకుని ఉండవచ్చు" అంటే మాట్లాడుకున్నారేమో అని అర్థం వస్తుంది, మాట్లాడుకోలేదన్న బాధ కాదు. "మాట్లాడుకునేవాళ్ళం కదా" అంటే ఒకప్పుడు రోజూ మాట్లాడుకునేవాళ్ళు అన్నట్టు కూడా వినబడుతుంది. ఇవి నష్టాలు కావు, తప్పులు. వ్యాసంలో వీటిని వేరుగా, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. తప్పులు పట్టుకోవడం సులభం కాబట్టి పేజీలన్నీ వాటితో నింపేసే ప్రమాదం ఉంది, అప్పుడు అది పోలిక కాదు, ప్రూఫ్ రీడింగ్. ఒక్కటి మాత్రం ఇక్కడ గమనించదగ్గది. మొదటివాడు 'మేము' అన్నాడు. 'మనం' అని ఉంటే ఆమె మనసులో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, 'మేము' అంటే వాళ్ళ గురించి తనలో తను అనుకుంటున్నట్టు. ఇంగ్లీషు 'వీ' లో రెండూ ఉన్నాయి. క్రియ చివర మాత్రం మేముకీ మనంకీ ఒకటే రూపం, కాబట్టి సర్వనామం వదిలేస్తే రెండూ ఉంటాయి. రెండో అనువాదం వదిలేసింది, తెలిసి చేసిందో తెలియక చేసిందో. మొదటివాడి వాక్యానికి, 'మేము' తీసేసి చివర 'గా' ఒకటి తగిలిస్తే చాలు: "మాట్లాడుకుని ఉండొచ్చుగా." ఏమో అన్న సందేహం పోయి, ఎందుకు మాట్లాడుకోలేదు అన్న నొప్పి వచ్చేస్తుంది.

ఇదంతా వ్యాసంలో ఎలా కూర్చాలి అంటే, ముప్ఫై తేడాల్లో మూడే తీసుకోండి. ఇక్కడైతే కవరు, 'అతను', సోదరుడి వయసు. ఇరుసు లాంటి చోటుకి సగం వ్యాసం ఇవ్వండి. ప్రతి చోటా రెండు వాక్యాలూ ఎత్తి చూపించి, ఏ ఎంపిక ఏం తెచ్చిందో, అదే ఎంపిక ఏం తీసుకుపోయిందో చెప్పి, మూడో వాక్యం సాధ్యమా కాదా రాయండి. ఇరుసు దగ్గర పేరా ఇలా ఉండొచ్చు: "రెండో అనువాదం 'తెలుసన్నమాట' అని కర్తని వదిలి, తెలిసింది తండ్రికో సోదరుడికో చెప్పకుండా ఉండగలిగింది. 'అతను' వాడిన మొదటి అనువాదం ఆ సందేహాన్ని మొదటి మాటతోనే తీర్చేసింది. అయితే కర్త లేకపోవడం వల్లే రెండో అనువాదంలో మూడుసార్లు తగిలే దెబ్బ పోయింది, దాని లోటు పూడ్చడానికి వాడిన ఆశ్చర్యార్థకం ఆమెని మూలంలో కన్నా కోపంగా చూపించింది." ఇందులో 'సహజం', 'దగ్గర' అన్న మాటలు ఎక్కడా లేవు, చూశారా.

మూడో వాక్యాలన్నీ కలిపి నేనూ ఒకటి రాసి పెట్టుకున్నాను:

> సొరుగు లాగింది. ఊహ తెలిసినప్పటి నుంచీ తండ్రి బిల్లులూ రసీదులూ పురికొసా దేనికీ పట్టని తాళంచెవులూ పెట్టుకుంటూ వచ్చిన సొరుగు. ఖాళీ చేసి ఉంది. అడుగున పరిచిన కాగితం కింద ఒక కవరు ఉంది, తండ్రి చేతిరాతతో, అన్న పేరు మీద, ఒకసారి చింపి మళ్లీ అంటించి. అంటే తెలుసన్నమాట. మొదటి నుంచీ తెలుసు, తెలిసే ప్రతి సాయంత్రమూ ఆ బల్ల దగ్గర తమని అలా ఏమీ మాట్లాడకుండా కూర్చోనివ్వడం. మాట్లాడుకుని ఉండొచ్చుగా, అనుకుంది.

'అన్న' అని నేనూ తేల్చేశాను, 'సోదరుడు' అన్న మాట ఈ గొంతులో ఇమడలేదు. 'సొరుగు' రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "కూర్చోనివ్వడం" దగ్గర చుక్క పెట్టినా వాక్యం గాలిలోనే ఉంది, 'కూర్చోనిచ్చాడు' లో ఉన్న గట్టిదనం రాలేదు. అది ఇప్పటికీ నాకు కుదరలేదు.